జూదం గురించి 14416కి ఫోన్ చేస్తే ఏం అడుగుతారు, ఏం దాచిపెడతారు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



జూదం చెడ్డదని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. అది నాకన్నా మీకే బాగా తెలుసు. ఒకప్పుడు పేకాట అంటే ఊరి బయట తోటలో కూర్చుని ఆడేవాళ్ళు, ఎవరు ఆడుతున్నారో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు అది సెల్లులోకి వచ్చేసింది. క్రికెట్ బెట్టింగ్, రమ్మీ, పక్కన పడుకున్న మనిషికి కూడా తెలియకుండా దుప్పట్లో ఆడేస్తున్నారు. తెలిసేసరికి ఇంట్లో పుస్తెలు కూడా తాకట్టులో ఉంటున్నాయి.

ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడుకునే ఒక ప్రభుత్వ నంబరు ఉంది. 14416. దాని పేరు టెలిమానస్. 2022 అక్టోబరు 10న దేశమంతా మొదలుపెట్టారు. ఇది ఒక్క జూదానికే పెట్టింది కాదు, మనసుకి సంబంధించిన ఏ ఇబ్బందికైనా పెట్టింది. జూదం వ్యసనం కూడా అందులోకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదం వ్యసనం ఉంది మరి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు.

మన సంఘాల్లో ఈ నంబరు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. చేసినవాళ్ళు మాత్రం తక్కువ. ఎందుకు చెయ్యలేదమ్మా అని అడిగితే నాకు నాలుగు మాటలే వినిపించాయి. "నా పేరు, ఊరు రాసేసుకుంటారేమో." "పోలీసులకి చెప్పేస్తారేమో." "బ్యాంకుకి తెలిస్తే లోను ఆగిపోద్దేమో." "మా ఆయనకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడేమో." ఈ నాలుగు భయాలూ తీరాలంటే ఆ ఫోన్లో ఏం జరుగుతుందో తెలియాలి. అందుకని ఒక ఫోను సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్తాను.

మా సంఘం సభ్యురాలు ఒకామె ఫోన్ చేసేటప్పుడు నన్ను పక్కన కూర్చోమంది. పదిమందికీ ఉపయోగపడుతుందంటే చెప్పక్కా అని ఆమే అంది. ఆమెని గుర్తుపట్టకుండా భర్త పని, అప్పుల లెక్కలు మార్చి చెప్తున్నాను. ఎవరై ఉంటారా అని ఇక్కడ ఎవరూ వెతక్కండి.

ఆమె భర్త సరుకుల ఆటో తోలతాడు. క్రికెట్ పందేల్లో పడ్డాడు. సంఘం నుంచి గేదెల కోసమని తీసుకున్న 60,000 అందులో పోయింది. ఆమె గొలుసు తాకట్టు పెట్టి 85,000 తెచ్చాడు. చేబదుళ్ళు ఇంకో 70,000. అన్నీ కలిపి 2,15,000. రెండు నెలలు వాయిదా కట్టకపోతే అప్పుడు ఆమెకి విషయం బయటపడింది.

నంబరు కొట్టగానే మొదట రికార్డు చేసిన గొంతు వస్తుంది. ఏ భాషలో మాట్లాడతారో ఎంచుకోమంటుంది. తెలుగు ఎంచుకోవాలి. మన పిల్లలు, మగవాళ్ళు బెంగుళూరులోనో చెన్నైలోనో పనిలో ఉన్నా అక్కడినుంచి చేసి తెలుగే ఎంచుకోవచ్చు. కొంచెంసేపు ఆగాక కౌన్సెలర్ లైనులోకి వస్తారు. కౌన్సెలర్ అంటే మనసు ఇబ్బందుల గురించి మాట్లాడడానికి శిక్షణ తీసుకున్న మనిషి. ఆ రోజు మాట్లాడింది ఒక ఆడమనిషి.

ఆమె మొదట అడిగింది జూదం గురించి కాదు. "ఇప్పుడు మీరు మాట్లాడడానికి వీలుగా ఉన్నారా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. మా సంఘం లీడరక్క ఉంది అంటే, "ఆమె వినడం మీకు ఇష్టమేనా?" అని మళ్ళీ అడిగింది. ఇష్టమే అన్నాకే ముందుకెళ్ళింది. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అంది. ఈమె తన అసలు పేరు కాకుండా వేరే పేరు చెప్పింది. ఆ కౌన్సెలర్ ఆ పేరుతోనే చివరిదాకా పిలిచింది. ఆధార్ నంబరు అడగలేదు. సంఘం పేరు, బ్యాంకు పేరు అడగలేదు. వయసు, జిల్లా అడిగింది. జిల్లా ఎందుకంటే, తర్వాత ఆసుపత్రికి పంపాల్సి వస్తే దగ్గరలో ఉన్నది చెప్పడానికి.

తర్వాత "ఏం జరిగిందో మీకు తోచినట్టు చెప్పండి" అని ఊరుకుంది. ఈమె ఏడ్చింది, కాసేపు ఏం మాట్లాడలేదు. అవతల తొందర పెట్టలేదు. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావు, చూసుకోవద్దా" అన్న మాట రాలేదు. మన చుట్టాలు ముందు అనేది అదే కదా.

అప్పుడు ఒక్కొక్కటే ప్రశ్నలు వచ్చాయి. ఎన్నాళ్ళనుంచి ఆడుతున్నాడు? రోజూనా, మ్యాచ్‌లు ఉన్నప్పుడేనా? మొదట్లో ఎంత పెట్టేవాడు, ఇప్పుడు ఎంత పెడుతున్నాడు? పోయిన డబ్బు రాబట్టుకోవాలని మర్నాడు మళ్ళీ ఆడుతున్నాడా? ఎంత పోయిందో అబద్ధం చెప్తున్నాడా? మానేద్దామని ఎప్పుడైనా ప్రయత్నం చేశాడా, మానినప్పుడు చిరాకు పడేవాడా, నిద్ర పట్టేది కాదా? ఆడడం కోసం అప్పు చేశాడా, వస్తువులు అమ్మాడా?

ఈ ప్రశ్నలు ఆరా తియ్యడానికి అడిగేవి కావు. సరదాకి ఆడేవాడికీ వ్యసనంలో పడ్డవాడికీ తేడా వీటిలోనే తెలుస్తుంది. పెట్టే డబ్బు పెరుగుతూ పోవడం, అయినవాళ్ళకి అబద్ధం చెప్పడం, ఈ రెండూ ఉన్నాయంటేనే విషయం గట్టిగా చూడాల్సిందని అర్థం. వీటిలో ముఖ్యంగా పోయింది రాబట్టుకోవాలనే ఆట ఉందే, అది మనం బాగా తెలుసుకోవాలి. ఆ మనిషికి పందెం అప్పు తీర్చే దారిలాగా కనిపిస్తుంది. అందుకే మనం అప్పు తీర్చమని చేతికి డబ్బిస్తే అది కూడా పందెంలోకే వెళ్తుంది.

ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగింది. అది వినగానే నా గుండె ఝల్లుమంది. "ఆయన చచ్చిపోతాను అని ఎప్పుడైనా అన్నారా?" అని సూటిగా అడిగింది. ఈమె తలకాయ దించుకుని, పోయిన వారం అన్నాడండి అంది. "ఇంట్లో పురుగుమందు ఉందా?" అని అడిగింది. కొట్టంలో ఒక డబ్బా ఉంది. "ఇవ్వాళే దాన్ని మీ ఇంట్లోంచి వేరేచోటికి పంపించెయ్యండి" అంది. తర్వాత "మరి మీకు? మీకు అలాంటి ఆలోచన వచ్చిందా?" అని ఈమెనీ అడిగింది.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. చావు మాట అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. లోపల దాచుకుని నలిగిపోతున్న మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అప్పుల్లో పడ్డ జూదగాడి ఇంట్లో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న, అందుకే వాళ్ళు అడుగుతారు. మీరు భయపడకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "కొడుతున్నాడా? పిల్లలు క్షేమంగా ఉన్నారా? తాగుతున్నాడా?" అని కూడా అడుగుతారు.

ఈ మాటలన్నీ అయ్యేసరికి దాదాపు అరగంట పట్టింది. చివర్లో నాలుగు పనులు చెప్పింది. పురుగుమందు తీసెయ్యడం ఒకటి. అప్పులన్నీ ఎవరికెంత అని ఒక కాగితం మీద రాసుకోవడం రెండోది. మూడోది, భర్త ఒప్పుకుంటే ఏటీఎం కార్డు ఈమె దగ్గర పెట్టుకుని, యూపీఐలో రోజుకి ఖర్చుపెట్టే పరిమితి బాగా తగ్గించి, పందెం యాప్‌లు తీసెయ్యడం. ఆయన ఒప్పుకోకుండా దొంగతనంగా చేస్తే కొత్త యాప్ వేసుకోవడం, కొత్త చేబదులు తేవడం అయిదు నిమిషాల పని అని కూడా చెప్పింది. నాలుగోది, ఆయన్నే ఒకసారి ఫోన్లో మాట్లాడించడం, లేదా జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళడం. పోట్లాట పెట్టుకుని కాదు, ఆయన బాధపడి కూర్చున్న పూట చూసి అడగమంది.

ఆ లైను చెయ్యలేనివి కూడా చెప్పాలి. అప్పు తీర్చరు. పోయిన డబ్బు వెనక్కి తెప్పించరు. అప్పిచ్చినవాళ్ళతో మాట్లాడరు. లోను యాప్ వాళ్ళు ఫొటోలు పెడతామని బెదిరిస్తున్నా, ఆన్‌లైన్లో మోసం జరిగినా 1930కి ఫిర్యాదు చెయ్యాలి. ఇంట్లో కొడుతుంటే మహిళల నంబరు 181. ఒక్క ఫోనుతో మనిషి మారిపోడు కూడా. ఈమె భర్త మొదటిసారి మాట్లాడనన్నాడు. మూడు వారాల తర్వాత, ఓడిపోయిన ఒక రాత్రి, తనే నంబరు ఇమ్మన్నాడు.

ఇప్పుడు గోప్యత సంగతి. అంటే ఏది బయటికి పోదు, ఏది పోతుంది అని.

2017లో మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. అందులో 23వ సెక్షన్ ఈ విషయమే చెప్తుంది. చికిత్స చేసేవాళ్ళు, సలహా ఇచ్చేవాళ్ళు ఆ మనిషి గురించి తెలిసిన సంగతులు రహస్యంగా ఉంచాలి. చెప్పడానికి వీలున్న సందర్భాలు ఆ సెక్షన్లోనే ఉన్నాయి. వైద్యం కోసం ఇంకో వైద్యుడికి చెప్పొచ్చు. ఆ మనిషి తన తరఫున ఫలానావారు చూసుకుంటారని రాసిచ్చి ఉంటే వాళ్ళకి చెప్పొచ్చు. ఒకరి ప్రాణానికి ముప్పు ఉన్నా, వేరేవాళ్ళకి హాని జరిగేలా ఉన్నా, దాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్పొచ్చు. కోర్టు లాంటి అధికారం ఉన్నవాళ్ళు ఆదేశిస్తే, ప్రజల భద్రతకి సంబంధించిందైతే చెప్పొచ్చు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే మాత్రం, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి.

ఈ జాబితాని మన నాలుగు భయాల పక్కన పెట్టి చూడండి. బ్యాంకు ఇందులో లేదు. సమాఖ్య లేదు. ఆఫీసు లేదు. నువ్వు 14416కి ఫోన్ చేశావన్నది నీ లోను రికార్డులో ఎక్కే విషయమే కాదు. పోలీసుల సంగతి కూడా అంతే. కౌన్సెలర్ పోలీసు కాదు. ఆన్‌లైన్ పందెం మన రాష్ట్రంలో నేరమే, నిజమే. కానీ "మా ఆయన పందెం ఆడాడు" అని నువ్వు చెప్పుకున్న మాట ఒక్కటే బయటికి చెప్పడానికి కారణంగా ఆ జాబితాలో ఎక్కడా లేదు. అదే "ఇప్పుడు మందు డబ్బా చేతిలో పట్టుకున్నాడు" అంటే మాత్రం, ప్రాణం కాపాడడానికి వాళ్ళు ఎవర్నైనా పంపించాల్సి రావచ్చు. దానికి మనం కాదనం కదా.

నాలుగో భయం భర్తకి తెలుస్తుందని. ఇక్కడ గోప్యత రెండు వైపులా పనిచేస్తుంది, అది చాలామందికి తెలియదు. నువ్వు చెప్పింది ఆయనకి చెప్పరు. అలాగే ఆయన ఫోన్ చేసి చెప్పుకున్నది నీకూ చెప్పరు. మా సభ్యురాలు రెండోసారి ఫోన్ చేసి, "మా ఆయన మాట్లాడాడంట కదండీ, మొత్తం అప్పు ఎంతని చెప్పాడు?" అని అడిగింది. "ఆయన మాట్లాడారో లేదో కూడా నేను చెప్పకూడదమ్మా. మీరిద్దరూ కలిసి మాట్లాడతామంటే కలిపి మాట్లాడదాం" అంది కౌన్సెలర్. ఈమెకి కోపం వచ్చింది. పెళ్ళాన్ని, నాక్కూడా చెప్పరా అంది. నేను అన్నాను, ఆ నోరు నీ దగ్గర ఆయన సంగతి విప్పితే, రేపు ఆయన దగ్గర నీ సంగతి విప్పదా అని. తర్వాత ఇద్దరూ స్పీకరు పెట్టి కలిసి మాట్లాడారు. కాగితం మీద లేని 20,000 చేబదులు అప్పుడు ఆయన నోటితోనే బయటికొచ్చింది. లెక్క 2,35,000 అయింది. బాధే, కానీ అసలు లెక్క తెలిసింది.

నిజం చెప్పాలంటే మన రహస్యం కౌన్సెలర్ దగ్గర కన్నా మన ఇంట్లో, మన సెల్లులోనే ఎక్కువ బయటపడుతుంది. ఒకే ఫోను ఇంట్లో అందరూ వాడితే, చేసిన నంబరు అందులో కనపడుతుంది. భయం ఉన్నవాళ్ళు దాన్ని తీసెయ్యాలి, లేదా నమ్మకమైన వాళ్ళ ఫోను నుంచి చెయ్యాలి. "మళ్ళీ ఫోన్ చెయ్యమంటారా?" అని కౌన్సెలర్ అడిగితే ఏ రోజు, ఏ వేళ చెయ్యాలో చెప్పండి, వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఏమైనా అనుమానం ఉంటే మాట్లాడే ముందే మూడు సంగతులు అడగండి. ఈ ఫోను రికార్డు అవుతుందా? మీరు రాసుకున్నది ఎవరు చూస్తారు? ఏ సందర్భంలో వేరేవాళ్ళకి చెప్తారు? ఇవి అడిగితే వాళ్ళేం అనుకోరు, జవాబు చెప్పడం వాళ్ళ పనే.

ఇంకో జాగ్రత్త. ఈ మధ్య "మీ బెట్టింగ్ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం" అని హెల్ప్‌లైను పేరు చెప్పుకుని ఫోన్లు చేసే మోసగాళ్ళు ఉన్నారు. గుర్తుపట్టడం తేలిక. ఓటీపీ అడిగినా, యూపీఐ పిన్ అడిగినా, ముందు ఫీజు కట్టమన్నా వాళ్ళు దొంగలే. 14416లో ఇవేవీ అడగరు. నంబరు మీరే కొట్టండి, ఎవరో పంపిన లింకు నొక్కి వెళ్ళకండి.

ఆఖరికి మన సంఘాల గురించి. చట్టం కౌన్సెలర్ నోటికి తాళం వేసింది, మన నోళ్ళకి వెయ్యలేదు. వాయిదా ఎందుకు ఆగిందో ఒక చెల్లెలు లీడరుకి చెప్పుకుంటే, అది మీటింగులో చర్చకి పెట్టే సంగతి కాదు. మినిట్స్ పుస్తకంలో "రెండు వాయిదాలు బాకీ, గడువు ఇంతవరకు" అని రాస్తే సరిపోతుంది. భర్త పందెం ఆడాడని రాయాల్సిన పని లేదు. ఆ పుస్తకాన్ని ఆడిటరు చూస్తాడు, బ్యాంకు వాళ్ళు చూస్తారు, రేపు వేరే లీడరు వస్తే ఆమె చూస్తుంది. మా సంఘంలో ఆమె వాయిదాని నెలకి 2,000 చొప్పున తగ్గించి, గడువు పెంచి తీర్మానం చేశాం. పందెం అప్పులు తీర్చుకోవడానికని కొత్త లోను మాత్రం ఇవ్వలేదు. అడిగిందండీ ఆమె. ఒక్కసారి అందరికీ కట్టేసి తలెత్తుకుని తిరుగుతాను అంది. చేబదులిచ్చిన మొత్తం ఒకేసారి తీరిపోతే ఆయనకి మళ్ళీ అప్పు పుడుతుంది, మళ్ళీ ఆట మొదలవుతుంది అని నచ్చజెప్పాం. ఆమే అప్పులవాళ్ళతో మాట్లాడి నెలనెలా కొంచెం కొంచెం కడుతోంది, డబ్బు ఆమె చేతి మీదే వెళ్తోంది.

ఆయన పూర్తిగా మానేశాడని నేను ఇక్కడ చెప్పను. మధ్యలో ఒకసారి మళ్ళీ ఆడాడు. అప్పుడు దాచకుండా చెప్పాడు, మర్నాడే ఆసుపత్రికి వెళ్ళారు. పురుగుమందు డబ్బా మాత్రం ఇంకా మా కొట్టంలోనే ఉంది, అవసరమైనప్పుడు ఆమె వచ్చి కొలిచి పట్టుకెళ్తుంది.

నంబరు ఇంకోసారి చెప్తున్నాను, రాసుకోండి. 14416. అది కలవకపోతే 1-800-891-4416. పేరు చెప్పాలని లేదు, ఆధార్ అక్కర్లేదు. ఫోన్ చేసేటప్పుడు పక్కన ఎవరైనా కూర్చుంటే బాగుండుననిపిస్తే మీ సంఘం లీడరుని పిలవండి. పిలిచినవాళ్ళు వెళ్ళి కూర్చోండి, లేచి వచ్చాక ఆ మాట అక్కడే వదిలెయ్యండి.